మీకు తెలుసా? ప్రాజెక్టు ఖర్చులో సామాన్ల వాటా మూడో వంతే

బీటెక్ ఆఖరి ఏడాది. హనుమకొండలో ఓ కాలేజీ, ఈసీఈ బ్రాంచి. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు ఉన్న ఒక జట్టును ఊహించుకుందాం. నర్సంపేట వైపు ఒక మిర్చి తోటలో నేల తేమను కొలిచి, రోజూ రైతు ఫోన్‌కు మెసేజ్ పంపే పరికరం చేస్తామన్నారు. గైడ్ సరేనన్నారు. రాత్రి హాస్టల్లో కూర్చుని ఓ కాగితం మీద లెక్క రాశారు: ఈఎస్‌పీ32 బోర్డు 450, 4జీ మాడ్యూల్ 1,100, తేమ సెన్సర్లు నాలుగు 320, బ్యాటరీ, చార్జర్ కలిపి 350, చిన్న సోలార్ పలక 400, వైర్లు, కనెక్టర్లు వగైరా 500. మొత్తం 3,120 రూపాయలు. తలా 780. ‘అంతేనా!’ అనుకుని పడుకున్నారు.

ఏప్రిల్ నాటికి అదే ప్రాజెక్టు తలా మూడున్నర వేలు దాటుతుంది. ఎవరూ మోసం చేయలేదు, ధరలూ పెరగలేదు. కాగితం మీద ఒక్కో వస్తువు ధర ఉంది గానీ, దాన్ని ఎన్నిసార్లు కొనాలో, దాని కోసం ఎన్నిసార్లు బస్సెక్కాలో, ఎన్నిసార్లు ప్రింటు తీయించాలో లేదు. ఈ ధరలన్నీ సుమారువే. ఊరిని బట్టి, షాపును బట్టి అటూ ఇటూ అవుతాయి. ‘ఎన్నిసార్లు’ అన్నది మాత్రం ఎక్కడైనా అంతే.

మొదటి ప్రయాణం షాపుకు కాదు, చేనుకు

చౌక మాడ్యూల్ ఒకటుంది, సిమ్800ఎల్. 4జీ దానిలో మూడో వంతు ధరకే దొరుకుతుంది. యూట్యూబ్ నిండా దాని పాఠాలే. అది 2జీ మీదే పనిచేస్తుంది. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, కాబట్టి జియో సిమ్ అందులో ఎన్ని రోజులు పెట్టినా పలకదు. వేరే కంపెనీ సిమ్ వేసినా, ఆ చేను దగ్గర 2జీ సిగ్నల్ ఉందో లేదో అక్కడికి వెళ్తేగానీ తెలియదు.

ఇది తెలుసుకోవడానికి పైసా పరికరం అక్కర్లేదు. ఆ సిమ్‌ను మామూలు ఫోన్లో వేసి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే `*#*#4636#*#*` మెనూలోకి వెళ్లి, `GSM only` ఎంచుకోవాలి. పరికరం పెట్టబోయే చోటే, అంటే గట్టు మీద కాదు, మొక్కల మధ్య, నేలకు దగ్గరగా ఫోన్ ఉంచి నాలుగైదు మెసేజ్‌లు పంపి చూడాలి. అన్నీ వెంటనే వెళ్తే 750 రూపాయలు మిగిలినట్టే. మన జట్టు వెళ్లిన చేనులో సగం మెసేజ్‌లు ఆగిపోయాయనుకోండి. 4జీయే గతి. ఈ నిర్ణయం కొనకముందు జరగాలి. కొన్నాక జరిగితే రెండు మాడ్యూళ్లూ మీవే.

చౌకదే తీసుకున్నవారికి ఇంకో మాట. అది నెట్‌వర్క్ పట్టుకునే క్షణాల్లో దాదాపు 2 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, అదీ 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్యే. ఈఎస్‌పీ32 మీదున్న 3.3 వోల్టుల పిన్నుకు తగిలిస్తే చాలదు, 5 వోల్టులకు తగిలిస్తే ఎక్కువ. చాలనప్పుడు దాని చిన్న లైటు సెకనుకోసారి కొట్టుకుంటూ, మధ్యలో ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నెట్‌వర్క్ దొరికితే మూడు సెకన్లకోసారి నెమ్మదిగా వెలగాలి. పిల్లలు ఇది చూసి ‘మాడ్యూల్ పోయింది’ అని ఇంకోటి కొంటారు. అదీ అలాగే కొట్టుకుంటుంది. పోయింది మాడ్యూల్ కాదు, దానికి తిండి చాలడం లేదు. లిథియం సెల్ నుంచి పొట్టి, లావు వైర్లతో నేరుగా ఇచ్చి, పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే సాధారణంగా దారికొస్తుంది. కెపాసిటర్ ఖరీదు ఒక టీ డబ్బులు.

సెన్సర్ మీది అక్షరాలు చదవకుండా డబ్బు ఇవ్వకండి

80 రూపాయల కెపాసిటివ్ తేమ సెన్సర్లలో చాలా రకాలు తిరుగుతున్నాయి, చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాటి మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటుంటుంది. దాని మీద టీఎల్‌సీ555 అని ఉంటే మంచిది, తక్కువ వోల్టేజీలో నడుస్తుంది. ఎన్‌ఈ555 అని ఉంటే దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. బోర్డు మీదున్న రెగ్యులేటరేమో చిప్‌కు 3.3 వోల్టులే అందిస్తుంది. ఫలితం? రీడింగ్ వస్తూనే ఉంటుంది, తేమతో మాత్రం దానికి సంబంధం ఉండదు. పూర్తిగా చచ్చిన సెన్సరే నయం, వెంటనే తెలిసిపోతుంది.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లడం వల్ల నిజమైన లాభం ఇక్కడే ఉంది, పది రూపాయలు తగ్గించి అడగడంలో కాదు. ల్యాప్‌టాప్, ఈఎస్‌పీ32, ఒక నీళ్ల సీసా, సగానికి కోసిన ప్లాస్టిక్ గ్లాసు వెంట తీసుకెళ్లాలి. “అన్నా, ఓసారి చూసుకుంట” అంటే చాలామంది కాదనరు. ఒక్కో సెన్సర్‌ను గాలిలో పట్టుకుని రీడింగ్ రాసుకోవాలి, గీత వరకు నీళ్లలో ముంచి ఇంకోటి రాసుకోవాలి. రెండింటి మధ్య పెద్ద తేడా ఉండాలి, ముంచి ఉంచినంతసేపూ అంకె నిలకడగా ఉండాలి. అలా కానివి పక్కన పెట్టేయవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే ఇదే పని ఇంట్లో చేయాలి, బాగాలేనివి తిప్పి పంపడానికి మళ్లీ కొరియర్. ఆదివారం వెళ్లొద్దు, చాలా షాపులు మూసే ఉంటాయి.

ఈ సెన్సర్ల బలహీనత అంచుల్లో ఉంటుంది. బోర్డును కోసిన అంచుకు పూత ఉండదు. అక్కడి నుంచి నీరు లోపలి పొరల్లోకి పాకి, రెండు మూడు వారాల్లో రీడింగ్ జారిపోతూ వస్తుంది. గోళ్ల రంగు రెండు మూడు పొరలు అంచుల వెంట వేసి ఆరనిస్తే ఆయుష్షు పెరుగుతుంది. పై భాగంలోని చిప్‌లను ఎపాక్సీతో మూసేయాలి. ఇంత చేసినా కొన్ని పోతాయి. అందుకే నాలుగు కావాలంటే ఆరు కొనాలి.

విడి సామాను ఏది ఎన్ని కొనాలనే దానికి సూత్రం ధర కాదు, ఏది ముందు చస్తుందన్నది. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి, పొరపాటున 5 వోల్టులు తగిలితే పిన్నో, బోర్డో పోతుంది. కాబట్టి రెండు. సెన్సర్లు ఆరు. కనెక్టర్లు, వైర్లు 500 బదులు 700, ఎందుకంటే 20 రూపాయల కనెక్టర్ మరిచిపోతే దాని కొరియర్ వందవుతుంది. 4జీ మాడ్యూల్ ఒక్కటే, దాన్ని కాలేజీ ల్యాబ్‌లో కరెంటుకు హద్దు పెట్టగల పవర్ సప్లై మీద మొదట వెలిగించి చూడాలి. ఇలా రాస్తే సామాన్లు 3,930 అవుతాయి. చాలా వెబ్‌సైట్లలో కనిపించే ధర జీఎస్‌టీ లేని ధర. 18 శాతం కలిపితే సుమారు 4,640.

‘పవర్ బ్యాంకు ఇంట్లో ఉంది, బ్యాటరీ ఖర్చు సున్నా’ అని రాసే జట్లూ ఉంటాయి. పరికరం నిద్రపోయినప్పుడు కరెంటు దాదాపు వాడదు కదా, అది చూసి చాలా పవర్ బ్యాంకులు ‘ఫోన్ తీసేశారు’ అనుకుని ఆగిపోతాయి. ల్యాబ్‌లో బాగుంది, చేనులో మొదటి రాత్రే మూగబోయింది అంటే ముందు దీన్ని అనుమానించాలి.

పరీక్షకు డబ్బు అక్కర్లేదు, ఉత్తరం కావాలి

‘టెస్టింగ్’ అనగానే బయటి ల్యాబ్ ఫీజు అని వేలల్లో రాసేస్తారు. ఈ ప్రాజెక్టుకు కావలసిన పరీక్షా యంత్రం చాలా కాలేజీల్లో సివిల్ బ్రాంచి సాయిల్ ల్యాబ్‌లో ఉంటుంది. అది వేడి గాలి ఓవెన్. తేమ కొలవడానికి అసలు ప్రమాణం అదే. మట్టిని 105 నుంచి 110 డిగ్రీల దగ్గర సాధారణంగా 24 గంటలు ఎండబెట్టి, పోయిన బరువు చూడటం. ఐఎస్ 2720 రెండో భాగంలో ఉన్న పద్ధతి ఇది. మీ హెచ్‌ఓడీ సంతకంతో సివిల్ హెచ్‌ఓడీకి ఒక ఉత్తరం, ల్యాబ్ అసిస్టెంట్‌తో కాస్త మంచితనం. ఇంతే ఖర్చు.

లెక్క ఇలా. ఖాళీ డబ్బా 20 గ్రాములు. తడి మట్టితో 70. ఎండబెట్టాక 60. పోయిన నీరు 10 గ్రాములు, మిగిలిన పొడి మట్టి 40. పదిని నలభైతో భాగిస్తే తేమ 25 శాతం. దీన్ని 50తో భాగించి 20 శాతం అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. భాగించాల్సింది పొడి మట్టి బరువుతో.

ఇప్పుడు అసలు పొదుపు. సెన్సర్‌ను సరిచూడాలంటే వేర్వేరు తేమల దగ్గర రీడింగులు కావాలి. చేనులో అవి దొరకాలంటే నీళ్లు పెట్టిన రోజు, రెండు రోజుల తర్వాత, వారం తర్వాత అంటూ వెళ్తూనే ఉండాలి. అలా కాకుండా మొదటి ప్రయాణంలోనే ఓ గోనెసంచిలో పది కిలోల మట్టి తెచ్చుకోవాలి. ఓవెన్‌లో ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, 500 గ్రాముల పొడి మట్టికి 50 గ్రాముల నీరు కలిపితే అది 10 శాతం. 75 కలిపితే 15. అలా అయిదు మెట్లు. కలిపాక మూత పెట్టి రాత్రంతా వదిలేయాలి, నీరు అంతటా సమంగా పాకడానికి. మరునాడు ఒకే డబ్బాలో, ఒకే ఎత్తుకు నొక్కి, ఒక్కో సెన్సర్ గుచ్చి రీడింగ్ రాయాలి. ఆరు సెన్సర్లకు ఆరు గీతలు వస్తాయి. ఒకదాని గీత ఇంకోదానికి పనికిరాదు, అందుకే సెన్సర్ల మీద మార్కర్‌తో నంబర్లు వేసుకోవాలి.

చెల్క నేలకు వేసిన గీత రేగడికి పనికిరాదన్నది మరిచిపోవద్దు. రేగడితో ఇంకో చిక్కుంది. ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రె సెన్సర్ పక్కనుంచే పోతే అది కొలిచేది గాలిని. పక్కపక్కన ఉన్న రెండు సెన్సర్లలో ఒకటి ఉన్నట్టుండి ‘బొత్తిగా ఎండిపోయింది’ అని, రెండోది నిన్నటి అంకే చెబితే కోడ్ జోలికి పోకుండా ముందు చేనులో నేలను చూడాలి. డబ్బాలు, గోనెసంచి, గోళ్ల రంగు, ఎపాక్సీ అన్నీ కలిపి పరీక్షల పద్దు 300.

ఎండకు మెత్తబడే డబ్బా

త్రీడీ ప్రింటింగ్ మీద పిల్లలకు మోజు. తప్పు లేదు. గ్రాముకు 8 రూపాయల లెక్కన వంద గ్రాముల డబ్బా 800. అయితే మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మార్చి ఎండలో, మూసిన ముదురు రంగు డబ్బా ఆ వేడికి చేరువవుతుంది. మూత వంగుతుంది, సందు పడుతుంది, మంచు నీరు లోపలికి దిగుతుంది. కరెంటు సామాన్ల షాపులో 150 రూపాయలకు దొరికే పీవీసీ జంక్షన్ బాక్సు ఇంతకంటే మేలు. వైర్లు కిందివైపు నుంచి బయటకు తీస్తే వాన నీరు వైరు వెంట లోపలికి పాకదు. ప్రింటు తీయించాలని మరీ ఉంటే సెన్సర్‌ను నిలబెట్టే చిన్న బిగింపు ఒకటి చేయించుకోవచ్చు.

ఆధార్ ఒరిజినల్ ఉంటే బడ్జెట్ మారుతుంది

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాల్సిందే. రాష్ట్రంలో నివాసం చూపే గుర్తింపు కార్డు దగ్గరుండాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకం మొదలైంది. విజయవాడ నుంచి కోఠికి వచ్చే అమ్మాయికి మాత్రం ఇది వర్తించదు, రాష్ట్రం దాటే బస్సుకు టికెట్ ఉంటుంది.

మన జట్టులో చేనుకు నలుగురూ వెళ్లాల్సిన పని లేదు. ఓ అమ్మాయి, ఓ అబ్బాయి చాలు. అబ్బాయికి బస్సు రానూపోనూ 140, ఇద్దరికీ ఆటో 120, భోజనం 200. మొత్తం 460. బిగించడానికి ఒకటి, వారానికి సరిచూడటానికి ఒకటి, మధ్యలో రెండు, తీసుకురావడానికి ఒకటి. అయిదు ప్రయాణాలకు 2,300. సిగ్నల్ చూసి, మట్టి తెచ్చే మొదటి ప్రయాణాన్ని రైతుతో మాట్లాడే రోజుకు కలిపేస్తే అదే బిగించే చోటును ఖాయం చేసే రోజూ అవుతుంది, కానీ ఆ 460 విడిగా రాసుకోవాలి. కోఠికి ఇద్దరు వెళ్లొస్తే 800.

‘మధ్యలో రెండు’ అన్నవాటిని తగ్గించే ఉపాయం కోడ్‌లో ఉంది. రోజువారీ మెసేజ్‌లో తేమతో పాటు బ్యాటరీ వోల్టేజీ కూడా పంపించండి. మెసేజ్ రాకపోయినప్పుడు గత నాలుగు రోజుల అంకెలు చూస్తే, వోల్టేజీ మెట్టు మెట్టుగా దిగిందా, లేక బాగుండగానే ఆగిందా అన్నది తెలుస్తుంది. మొదటిదైతే బ్యాటరీ పట్టుకెళ్లాలి, రెండోదైతే సిమ్ రీచార్జ్ చూడాలి. తెలియకుండా వెళ్తే ఒకసారి చూడ్డానికి, ఒకసారి బాగుచేయడానికి అని రెండు ప్రయాణాలు.

రీచార్జ్ ప్యాక్ 28 రోజులది. జనవరి మొదటి నుంచి ఏప్రిల్ పది దాకా అంటే వంద రోజులు, నాలుగు ప్యాక్‌లు. 200 చొప్పున 800. ఇంకో గడువు రైతు చేతిలో ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో కోతలయ్యాక “మిర్చి పీకేస్తున్నం బిడ్డా, మీ డబ్బా తీస్కపోండ్రి” అని ఫోన్ వస్తుంది. నీళ్లు పెట్టని చేనులో తేమ కొలిచి గ్రాఫు గీయడానికి ఏమీ ఉండదు. పరికరం జనవరిలోనే నేలలో ఉండాలి.

కాగితం ఖర్చు

ఎనభై పేజీల రిపోర్టు. అందులో రంగు పేజీలు 14. నలుపు పేజీ 2 రూపాయలు, రంగు పేజీ 10 అయితే ఒక్కో కాపీకి 272. నలుగురికి నాలుగు, గైడ్‌కు ఒకటి, డిపార్ట్‌మెంట్‌కు ఒకటి, మొత్తం ఆరు కాపీలకు 1,632. బంగారు అక్షరాల గట్టి బైండింగ్ 250 చొప్పున 1,500. గైడ్ దిద్దడానికి ముందు రెండుసార్లు తీసిన డ్రాఫ్టులు 320. కలిపితే దాదాపు 3,450. మొదటి రాత్రి రాసిన సామాన్ల లెక్క కంటే ఎక్కువ! ఆ కాగితం మీద ప్రింటింగ్ అన్న మాటే లేదు.

జిరాక్స్ షాపులో ‘అన్నీ కలర్ తీసేయమంటారా?’ అంటే తలూపితే ఇదే రిపోర్టు ప్రింటుకే 4,800 అవుతుంది. ఏ పేజీలో రంగుందో కళ్లతో వెతకనక్కర్లేదు. కంప్యూటర్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ ఉంటే ఈ ఒక్క వరుస చాలు:

```
gs -q -o - -sDEVICE=inkcov report.pdf
```

పేజీకో వరుసలో నాలుగు అంకెలు వస్తాయి. మొదటి మూడూ సున్నాలైతే ఆ పేజీకి నల్ల సిరా ఒక్కటే చాలు. ‘ఇందులో రంగేముంది?’ అనిపించే పేజీలు కొన్ని దొరుకుతాయి. నీలిరంగు లింకు ఒకటో, ఎర్ర గీత పడ్డ స్క్రీన్‌షాట్ ఒకటో ఉంటుంది. స్కాన్ చేసిన పేజీలు కూడా నలుపు తెలుపుగా కనిపిస్తూనే రంగు లెక్కలోకి వస్తాయి, వాటిని గ్రే చేసుకోవాలి. షాపుకు పీడీఎఫ్ మాత్రమే తీసుకెళ్లాలి. వర్డ్ ఫైలు వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే ఫాంటు మారి, బొమ్మ కింది పేజీకి జారి, విషయసూచికలోని నంబర్లన్నీ తప్పుతాయి.

గట్టి బైండింగ్ అయ్యాక ఒక్క పేజీ మార్చడం కుదరదు. మళ్లీ చేయించాల్సి వచ్చేది దాదాపు ఎప్పుడూ సర్టిఫికెట్ పేజీ వల్లే. గైడ్ హోదా పాతది పడుతుంది, హాల్‌టికెట్ నంబరులో అంకె తారుమారవుతుంది. ఆ పేజీ ఒక్కటీ ముందు ప్రింటు తీసి, గైడ్‌కు చూపించి, పెన్సిల్‌తోనైనా ‘ఓకే’ రాయించుకున్నాకే ఆరు కాపీలూ బైండింగ్‌కు ఇవ్వాలి.

చివరి వరుస

సామాన్లు 4,640, పరీక్షలు 300, డబ్బా 150, చేను ప్రయాణాలు 2,300, కోఠి 800, సిమ్ 800, కాగితం 3,450. మొత్తం 12,440. అనుకోని ఖర్చుకు ‘పది శాతం’ అని గుడ్డిగా రాయడం నాకు నచ్చదు. జరగగల ఒక్క పెద్ద దెబ్బ ఏమిటో దాని ఖరీదే రాయండి. ఇక్కడ అది 4జీ మాడ్యూల్ పోవడం: జీఎస్‌టీతో 1,300, కొరియర్ 100, బిగించడానికి అదనపు ప్రయాణం 460. అంటే 1,860. అంతా కలిపి 14,300, తలా 3,575. మొదటి ప్రయాణానికి విడిగా రాసుకున్న 460 కూడా కలిపితే తలా ఇంకో 115.

కాగితం డబ్బు తలా 860 ఎత్తి జనవరిలోనే ఒకరి దగ్గర వేరుగా ఉంచాలి. ఏప్రిల్‌లో అడిగితే పరీక్ష ఫీజు, నో డ్యూస్, ఫేర్‌వెల్ అన్నీ ఒకేసారి మీద పడి ఉంటాయి. కిట్ ఎవరిదవుతుందో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. కొన్ని కాలేజీలు దాన్ని డిపార్ట్‌మెంట్‌లో అప్పగించమంటాయి, అలాగైతే సోలార్ పలక, బ్యాటరీ అమ్మి కొంత రాబట్టుకుందామన్న ఆశను లెక్కలో రాయకూడదు. అప్పగించేముందు లోపలి సిమ్ తీసేయడం మరవకండి. అది మీలో ఒకరి ఆధార్ మీద తీసుకున్న సిమ్.